బ్రాయిలర్ ఇట్టే మెత్తబడుతుంది, నాటుకోడి ఎందుకు మొండికేస్తుంది? రెండింటినీ వండే పద్ధతి

"నాటుకోడికి ఎన్ని విజిల్స్ పెట్టాలి?" కోడికూర గురించి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దాని వెనకే రెండోది వస్తుంది: "బ్రాయిలర్ వండినట్టే వండాను, అరగంట ఉడికించాను, ముక్క రబ్బరులా ఎందుకుంది?" రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. ముక్క లోపల ఏం జరుగుతుందో ఒకసారి అర్థమైతే విజిల్స్ లెక్కపెట్టాల్సిన పని ఉండదు. అందుకే ముందు కారణం చెప్పి, తర్వాత వండే వరుసలోకి వెళతాను.

## 1. తేడా అసలు ఎక్కడుంది

బ్రాయిలర్ కోడిని సాధారణంగా 35 నుంచి 42 రోజుల వయసులో కోస్తారు. రెండు కిలోలు తూగినా అది పిల్లే. నాటుకోడి కోతకు రావడానికి కనీసం నాలుగైదు నెలలు పడుతుంది. ఏడాది, రెండేళ్లు దాటినవీ కూరలోకి వస్తాయి. మెత్తదనంలో తేడాకు మొదటి కారణం ఈ వయసే.

మాంసం ముక్కలో రెండు రకాల పదార్థాలు ఉంటాయి. ఒకటి కండ, అంటే సన్నని పోగుల కట్టలు. రెండోది ఆ పోగుల్ని చుట్టి, కట్టలుగా బిగించి, ఎముకకు అతికించే తెల్లటి పొర. ఈ పొర ఎక్కువగా కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. చిన్న వయసులో ఈ కొల్లాజెన్ దారాల మధ్య ముడులు తక్కువగా, వదులుగా ఉంటాయి. కాస్త వేడి తగలగానే ఊడిపోతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ ముడులు బలపడి, మామూలు వేడికి లొంగనివిగా మారతాయి.

తిరిగి తిని పెరగడం వల్ల కూడా కొంత తేడా ఉంటుంది. రోజంతా నడిచి, గీరి, ఎగిరే కోడి కాళ్లలో, తొడల్లో కండ గట్టిగా కట్టుకుంటుంది. కానీ వయసే ముఖ్యమని తెలుసుకోవడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. గుడ్లు పెట్టడం తగ్గాక అమ్మేసే ఫారం లేయర్ కోడి ఎప్పుడూ ఆరుబయట తిరగలేదు. అయినా ఏడాదిన్నర వయసు వల్ల దాని ముక్క నాటుకోడి ముక్కలాగే మొండికేస్తుంది. బ్రాయిలర్ అనుకుని వండితే అసలు ఉడకదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ముక్క వేడెక్కేటప్పుడు మూడు దశలు దాటుతుంది.

- మొదటి దశ: పచ్చి ముక్క తెల్లబడుతుంది. ఇంకా మెత్తగానే ఉంటుంది.
- రెండో దశ: ముక్క లోపలి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటాక కొల్లాజెన్ పొర ముడుచుకుంటుంది, కండ పోగులు బిగుసుకుంటాయి, లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. ముక్క చిన్నదై గట్టిపడుతుంది.
- మూడో దశ: నీటిలో ఆ వేడి అలాగే ఎక్కువసేపు నిలిస్తే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది. పోగుల్ని పట్టి ఉంచే కట్టు వదిలిపోయి ముక్క మళ్లీ మెత్తబడుతుంది.

బ్రాయిలర్‌లో కొల్లాజెన్ లేతది కాబట్టి రెండో దశ నడుస్తుండగానే మూడోది కూడా మొదలవుతుంది. గట్టిపడిందని మనం గమనించే లోపే మెత్తబడిపోతుంది. నాటుకోడిలో మాత్రం రెండో దశ నుంచి మూడో దశకు చేరడానికి గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది.

చాలామంది పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. అరగంటకు మూత తీసి, ముక్క గట్టిగా ఉందని చూసి, "ఎక్కువ ఉడికించేశానేమో" అని స్టవ్ ఆపేస్తారు. నిజానికి అది దారి మధ్యలో ఉంది. ఉడికింది సరిపోలేదంతే.

## 2. ఒకే రోజు రెండూ వండి చూసినప్పుడు

ఈ తేడాను కళ్లారా చూడాలని ఒకరోజు రెండింటినీ పక్కపక్క స్టవ్‌ల మీద పెట్టాను. రెండు గిన్నెల్లోనూ కిలో ముక్కలే. రెండింటికీ ఒకే ఉల్లిపాయ, ఒకే అల్లం వెల్లుల్లి ముద్ద, ఒకే ఉప్పు. ఒకటి బ్రాయిలర్, రెండోది ఏడాది వయసు దాటిన పుంజు. నీళ్లు పోసి, మరుగు రాగానే మంట తగ్గించి మూత పెట్టాను.

20 నిమిషాలకు బ్రాయిలర్ తొడ ముక్కలో చెంచా అంచు సులువుగా దిగింది. పుంజు ముక్కలో చెంచా దిగలేదు, జారిపోయింది. 40 నిమిషాలకు పుంజు ముక్క ఇంకా గట్టిగా కనిపించింది. కొరికితే పంటి కింద సాగింది. ఇది తెలియనివాళ్లు ఆశ వదులుకునే సమయం అదే. 70 నిమిషాలకు ఎముక చివర కండ కొద్దిగా పైకి జరిగింది. 95 నిమిషాలకు కాలి ముక్క ఎముకను పట్టుకుని మెలితిప్పితే కండ వదిలింది. నీళ్లు చిక్కబడి పెదవులకు అంటుకునేలా తయారయ్యాయి. ఆ జిగురే కరిగిన కొల్లాజెన్.

బ్రాయిలర్ గిన్నెలో నాలుగు ముక్కలు కావాలనే వదిలేశాను. 60 నిమిషాలకు వాటి కాళ్ల కండ ఎముకల నుంచి రాలిపోయింది. రొమ్ము ముక్క పీచు పీచుగా విడిపోయి, చారులో తేలుతున్నా నోట్లో పొడిగా అనిపించింది. రొమ్ములో కొల్లాజెన్ చాలా తక్కువ. బయటికి పోయిన నీటి లోటును పూడ్చే జెలటిన్ అక్కడ తయారు కాదు. కాబట్టి బ్రాయిలర్ ఎక్కువ ఉడికితే ముందు పాడయ్యేది రొమ్మే.

## 3. వండే ముందు కోడి వయసు చూసుకోండి

నాటుకోడి అన్న పేరు ఒక్కటే ఉన్నా ఐదు నెలల పెట్టకూ రెండేళ్ల పుంజుకూ ఉడికే సమయంలో రెట్టింపు తేడా ఉంటుంది. రంగు ఈకల కోళ్లను ఫారంలో పెంచి నాటుకోడి పేరుతో అమ్మడం కూడా మామూలే. అవి తొందరగానే ఉడుకుతాయి. అందుకని పేరును నమ్ముకోకుండా కోడిని చూడాలి.

- రొమ్ము ఎముక కొన: పొట్ట వైపు చివరను వేలితో నొక్కండి. మెత్తగా వంగితే లేత కోడి. గట్టిగా, వంగకుండా ఉంటే ముదురు.
- కాళ్ల పొలుసులు: నున్నగా ఉంటే లేత. గరుకుగా, పైకి లేచి ఉంటే ముదురు.
- పుంజు కాలి వెనక ముల్లు: చిన్న బొడిపెలా ఉంటే ఏడాదిలోపు అనుకోవచ్చు. పొడవుగా, గట్టిగా, మొన తేలి ఉంటే ఏడాది దాటింది.

ముక్కలు కొట్టించి తెచ్చుకునేవాళ్లు కనీసం రొమ్ము ఎముక కొనను వెతికి చూడండి. ఈ ఒక్క గుర్తు చాలు, ఎంతసేపు వండాలో అంచనా వేసుకోవచ్చు.

## 4. కోసిన వెంటనే వండకండి

అప్పుడే కోసిన కోడిని అప్పుడే వండితేనే రుచి అనే నమ్మకం గట్టిగా ఉంది. మెత్తదనం విషయంలో మాత్రం అది మనకు ఎదురు తిరుగుతుంది. కోసిన గంటలోపే కండ బిగుసుకోవడం మొదలవుతుంది. ఆ బిగువు సడలడానికి సుమారు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. బిగుసుకున్న కండను పొయ్యి మీద పెడితే ఆ గట్టిదనం కూరలోకి కూడా వస్తుంది.

బ్రాయిలర్ కూరకు ఈ తేడా పెద్దగా తెలియదు. కానీ అప్పుడే కోసిన బ్రాయిలర్ రొమ్ము నుంచి బోన్‌లెస్ తీయిస్తే మాత్రం అది సాగుతుంది. ఎముక ఆసరా లేని కండ ఇంకా ఎక్కువ ముడుచుకోవడమే కారణం.

నాటుకోడిని కోయించి తెచ్చాక ముక్కల్ని మూత ఉన్న గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో కనీసం ఆరు గంటలు ఉంచండి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. బయట గదిలో మాత్రం ఉంచకండి. మెత్తబడే లోపే పాడయ్యే ప్రమాదం ఉంది.

## 5. ఉప్పు, పెరుగు, పచ్చిబొప్పాయి: ఏది ఎంత పని చేస్తుంది

ఉప్పు ముందే వేస్తే ముక్క గట్టిపడుతుందని చాలామంది చెబుతారు. కోడి విషయంలో ఇది నిజం కాదు. ముందుగా పట్టించిన ఉప్పు కండలోకి దిగి, వేడి తగిలినప్పుడు నీరు మరీ ఎక్కువగా బయటికి పోకుండా ఆపుతుంది. కిలో ముక్కలకు రెండు టీస్పూన్లలోపు ఉప్పు, అర టీస్పూన్ పసుపు పట్టించండి. నాటుకోడికి రాత్రంతా, బ్రాయిలర్‌కు అరగంట నుంచి రెండు గంటలు చాలు. ఆ ఉప్పును కూర ఉప్పులోంచి తగ్గించుకోవడం మరచిపోకండి.

పెరుగు, నిమ్మరసం పై పొరను మాత్రమే కొద్దిగా సడలిస్తాయి. నాటుకోడి లోపలి కొల్లాజెన్‌ను అవి ఏమీ చేయలేవు. రుచి కోసం వేసుకోండి, ఉడికే సమయం తగ్గుతుందని మాత్రం ఆశించకండి. పులుపు వేస్తే పప్పు ఉడకనట్టు మాంసం కూడా ఉడకదేమో అన్న భయం కూడా వద్దు. టమాటా, చింతపండు వల్ల మాంసం మెత్తబడటం ఆగదు.

పచ్చిబొప్పాయి సంగతి వేరు. అందులోని ఎంజైమ్ నిజంగానే ప్రొటీన్‌ను తెంపుతుంది. కానీ అది కూడా తగిలిన చోటే పని చేస్తుంది. ముదురు నాటుకోడికి కిలోకు ఒక టేబుల్‌స్పూన్ ముద్ద, గంటసేపు. అంతకు మించితే పైన పిండిలా అయిపోయి లోపల మాత్రం గట్టిగానే ఉంటుంది. బ్రాయిలర్‌కు దీని అవసరమే లేదు.

## 6. నాటుకోడి కూర: కుక్కర్‌లో వరుస

కుక్కర్ పనికొచ్చేది ఒక్క కారణంతో. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. కుక్కర్ లోపల ఒత్తిడి వల్ల 120 డిగ్రీల దాకా వెళతాయి. ఆ వేడికి కొల్లాజెన్ చాలా వేగంగా కరుగుతుంది.

విజిల్స్ లెక్కను నేను పూర్తిగా మానేశాను. మంట పెద్దదైతే రెండు నిమిషాలకొకటి వస్తుంది, సిమ్‌లో ఐదారు నిమిషాలకొకటి. కుక్కర్ సైజును బట్టి, నీళ్లను బట్టి కూడా మారుతుంది. అందుకే "ఆరు విజిల్స్" అంటే ఒక ఇంట్లో 12 నిమిషాలు, మరో ఇంట్లో 30 నిమిషాలు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, అక్కడి నుంచి గడియారం చూడండి.

1. నూనెలో ఉల్లిపాయలు, తర్వాత అల్లం వెల్లుల్లి ముద్ద వేయించండి.
2. ముక్కలు వేసి పెద్ద మంట మీద ఎనిమిది, పది నిమిషాలు కలుపుతూ వేయించండి. ముక్కల నుంచి వచ్చిన నీరు ఇగిరి, అంచులు ఎర్రబడాలి. కుక్కర్‌లో మూత పెట్టాక ఈ రుచి రాదు, ఇప్పుడే తెచ్చుకోవాలి.
3. కారం, ధనియాల పొడి వేసి నిమిషం కలిపి, కిలోకు ఒకటిన్నర కప్పు వేడినీళ్లు పోయండి. కొబ్బరి, గసగసాలు, జీడిపప్పు లాంటి చిక్కటి ముద్దలు ఇప్పుడు వద్దు. అవి అడుగంటుతాయి.
4. మూత పెట్టి మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో లేత కోడికి 12 నుంచి 15 నిమిషాలు, ఆరేడు నెలల నుంచి ఏడాది లోపు కోడికి 20 నిమిషాలు, ముదురు పుంజుకు 30 నుంచి 35 నిమిషాలు.
5. స్టవ్ ఆపి ఆవిరి దానంతటదే తగ్గేదాకా ఆగండి. విజిల్ ఎత్తి ఆవిరి ఒక్కసారిగా వదిలితే లోపలి నీళ్లు భగ్గున మరిగి ముక్కల్లోని తేమను లాగేస్తాయి.
6. ముక్కను పరీక్షించాకే చిక్కటి ముద్దలు వేసి, మూత లేకుండా సన్నమంట మీద పది నిమిషాలు ఉంచండి. నూనె తేలాక గరంమసాలా, కొత్తిమీర.

పరీక్షకు రొమ్ము ముక్కను తీసుకోకండి. అన్నిటికంటే ఆలస్యంగా ఉడికేది కాలి ముక్క. ఎముకను పట్టుకుని కండను చెంచాతో పక్కకు నెట్టండి. జారితే అయినట్టు. సాగి వెనక్కి వస్తే ఇంకా కావాలి.

గిన్నెలో వండేవాళ్లకు: రెండో అడుగు దాకా ఇదే వరుస. తర్వాత కిలోకు నాలుగు కప్పుల వేడినీళ్లు పోసి, బుడగలు నెమ్మదిగా పైకి వచ్చేంత సన్నమంట మీద మూత పెట్టండి. లేత కోడికి 45 నిమిషాల నుంచి గంట, ముదురుదానికి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. నీళ్లు తగ్గితే వేడినీళ్లే కలపండి. చన్నీళ్లు పోసిన ప్రతిసారీ ఉడుకు ఆగిపోయి సమయం పెరుగుతుంది. పెద్ద మంట మీద కుతకుతలాడిస్తే తొందరగా ఉడుకుతుందనుకోవద్దు. నీటి వేడి పెరగదు, ముక్కలు మాత్రం చెదురుతాయి.

## 7. బ్రాయిలర్ కూర: ఇక్కడ ఆపడమే పని

నాటుకోడిలో ముక్క ముందు, మసాలా తర్వాత. బ్రాయిలర్‌లో ఇది తిరగబడుతుంది. మసాలా పూర్తిగా వేగి, టమాటా ఇగిరి, నూనె తేలాకే ముక్కలు వేయండి. ముక్కలు వేశాక మసాలా పచ్చివాసన పోలేదని ఇంకో పావుగంట ఉడికిస్తే నష్టపోయేది ముక్కే.

1. మసాలా తయారయ్యాక ముందు కాళ్లు, తొడలు వేసి ఐదు నిమిషాలు కలపండి.
2. తర్వాత రొమ్ము ముక్కలు వేయండి. రెండు రకాల ముక్కలూ ఒకే సమయానికి సరిగ్గా రావడానికి ఈ ఐదు నిమిషాల తేడా చాలు.
3. నీళ్లు అరకప్పు నుంచి కప్పు చాలు. ముక్కల నుంచే బోలెడు నీరు వస్తుంది.
4. మూత పెట్టి సన్నమంట మీద 15 నుంచి 18 నిమిషాలు. తర్వాత ఆపి, మూత తీయకుండా ఐదు నిమిషాలు వదిలేయండి.

చారు పలచగా ఉంటే ముక్కల్ని పళ్లెంలోకి తీసి, చారును ఒక్కదాన్నే పెద్ద మంట మీద ఇగరబెట్టి మళ్లీ కలపండి. కుక్కర్ తప్పనిసరి అయితే ఒక విజిల్ రాగానే ఆపేయండి.

ముక్క లోపల ఎముక పక్కన ఎర్రగా కనిపించి పచ్చిగా ఉందని మళ్లీ మళ్లీ ఉడికించేవాళ్లు ఉన్నారు. బ్రాయిలర్ ఎముకలు ఇంకా ముదరలేదు. వాటి లోపలి మూలుగ రంగు బయటికి ఊరి, పూర్తిగా ఉడికిన ముక్కలో కూడా ఎరుపు కనిపించవచ్చు. కాబట్టి ఆ ఒక్క రంగును చూసి ఏదీ నిర్ణయించకండి. కిచెన్ థర్మామీటర్ ఉంటే లావుపాటి చోట, ఎముకకు తగలకుండా గుచ్చి 74 డిగ్రీలు వచ్చిందో లేదో చూడండి. థర్మామీటర్ లేకపోతే తొడను కోసి చూడండి. కండ జిగటగా, గాజులా మెరుస్తూ ఉంటే ఇంకా పచ్చి. తెల్లగా, పోగులు విడివిడిగా ఉంటే ఉడికినట్టే.

## 8. వేపుడు, బిర్యానీ చేసేటప్పుడు

బ్రాయిలర్‌ను పచ్చిగానే నూనెలో వేపవచ్చు, పచ్చి ముక్కలతోనే దమ్ బిర్యానీ పెట్టవచ్చు. రెండు పద్ధతులూ నాటుకోడికి పనికిరావు. వేపుడులో కొల్లాజెన్ కరగడానికి కావాల్సిన నీరు గానీ, సమయం గానీ ఉండదు. దమ్‌లో బియ్యం అయ్యే సమయానికి ముక్క రెండో దశ మధ్యలో ఉంటుంది.

నాటుకోడితో చేయాలంటే ముక్కల్ని ఉప్పు, పసుపు, కొద్ది నీళ్లతో కుక్కర్‌లో పూర్తిగా కాకుండా ఓ మాదిరి మెత్తబడేదాకా ఉడికించి, ఆ తర్వాతే వేపుడుకో, దమ్‌కో వాడండి. ఉడికిన నీళ్లు పారబోయకండి. వేపుడైతే ఆ నీళ్లు ముక్కలకే ఇగరనివ్వండి, బిర్యానీకైతే అన్నం మీద చల్లండి.

## 9. తేడా కొడితే ఏం చేయాలి

నాటుకోడి కూర మొత్తం అయిపోయింది, ముక్క మాత్రం గట్టిగా ఉంది. చిక్కటి మసాలాతో మళ్లీ కుక్కర్ పెడితే మాడుతుంది. ముక్కల్ని ఏరి కుక్కర్‌లో వేసి, ఒక కప్పు వేడినీళ్లు, రెండు గరిటెల పలచటి చారు పోసి, విజిల్ వచ్చాక సిమ్‌లో పది నిమిషాలు ఉంచండి. ఆవిరి పోయాక అన్నీ కలిపి ఇగరబెట్టండి.

పైన చెదురుతోంది, లోపల సాగుతోంది. మంట ఎక్కువైంది, లేదా బొప్పాయి ఎక్కువైంది. ఇక గరిటె పెట్టి కలపకండి. గిన్నెను రెండు చేతులా పట్టి ఊపుతూ, అతి సన్నమంట మీద మిగతా సమయం పూర్తి చేయండి.

బ్రాయిలర్ రొమ్ము పొడిబారింది. ఇది వెనక్కి రాదు, ఇంకా ఉడికిస్తే ఇంకా పొడిబారుతుంది. ముక్కల్ని పోగులుగా విడదీసి చారులో కలిపేస్తే తినడానికి బాగుంటుంది.

రెండు రకాలూ ఒకే గిన్నెలో పడ్డాయి. కూర సగంలో బ్రాయిలర్ ముక్కలు ముందే మెత్తబడితే వాటిని గుర్తుపట్టడం సులువు. ఏరి పక్కన పెట్టి, మిగతావి అయ్యాక చివరి ఐదు నిమిషాల్లో కలపండి.

మిగిలిన కూర విషయంలో కూడా ఈ రెండింటి నడత వేరు. బ్రాయిలర్‌ను మర్నాడు వేడిచేస్తే ప్రతిసారీ కొంత నీరు పోతుంది. అందుకని తినేంతే తీసి, చారుతో పాటు మరుగు వచ్చేదాకా ఒక్కసారే వేడిచేయండి. నాటుకోడి కూరను ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మూత తీసి చూడండి. చారు గడ్డకట్టి జెల్లీలా ఊగుతుంటే కొల్లాజెన్ బాగా కరిగిందని అర్థం. నూనె మాత్రం పైన పేరుకుని, కింద చారు నీళ్లలాగే ఉంటే ఒకటి, నీళ్లు ఎక్కువై ఉండాలి. రెండు, ఉడికే సమయం సరిపోలేదు. ముక్క కూడా గట్టిగా ఉంటే రెండోదే కారణం. ఈసారి అలాంటి కోడికే ఇంకో పది నిమిషాలు కలుపుకోండి.